వాషర్ మార్చినా ఆగని నల్లా ఎవరిది?

"అక్కా, ఒక లెటర్ రాసియ్యాలె" అంటూ వచ్చిందామె. ఇబ్రహీంపట్నంలో ప్రతి ఆదివారం మేం కొందరం కూర్చుంటాం. మొగుడు కొట్టాడనో, జీతం ఇవ్వలేదనో, పింఛను ఆగిందనో వచ్చే ఆడవాళ్లే ఎక్కువ. లెటర్ దేనికమ్మా అంటే కాస్త సిగ్గుపడింది. "లెట్రిన్ల ఫ్లష్ ట్యాంకు కారుతుంది. నల్లాలు కూడ బంద్ అయితలేవు. ఓనర్‌కు చెప్పి చెప్పి నోరు నొస్తుంది" అంది. పక్కనున్న మా కార్యకర్త ఒకరు నవ్వు ఆపుకోవడం నేను చూశాను. నిజం చెప్పాలంటే, ఇది మన దగ్గరికి తెచ్చే విషయమా అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. ఆ నవ్వు గురించీ, ఆ ఉత్తరం గురించీ రాయాలనే ఈ వ్యాసం.

ఆమె ఒక బట్టల షాపులో పనిచేస్తుంది. భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరు ఆడపిల్లలు, మోకాళ్ల నొప్పులతో అత్త. రెండు గదుల పోర్షన్, కిరాయి నెలకు 5,500 రూపాయలు. వచ్చేటప్పుడు తొమ్మిదో తరగతి చదివే పెద్దమ్మాయితో రాయించిన కాగితం ఒకటి తెచ్చింది. బడికి సెలవు చీటీ రాసినట్టే ఉంది. "గౌరవనీయులైన ఓనర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా, మా యందు దయ ఉంచి..." అని మొదలై "తమ విధేయులు" దగ్గర ముగిసింది. ఏ నల్లా, ఎప్పటి నుంచి, ఎన్ని నీళ్లు పోతున్నాయి, ఏం మార్చాలి అన్నది అందులో లేదు. దయ చూపమని అడిగితే, చూపకపోయే హక్కు కూడా అవతలివాడికి ఇచ్చినట్టే కదా.

కాగితం పక్కన పెట్టి ఇల్లు చూద్దామని వెళ్లాను. ఫ్లష్ ట్యాంకుకు నీళ్లొచ్చే చిన్న కాక్ కట్టేసి ఉంది. పక్కన రెండు బకెట్లు. ట్యాంకు కింది నట్టు దగ్గర వెంట్రుకవాసి పగులు, దాని మీద రెండు పొరల ఎం-సీల్. కాక్ తెరిచి ఉంచితే నీళ్లు ఆ పగులులోంచి నేల మీదికి కారతాయి, నేల పాచి పడుతుంది. ముసలామె ఒకసారి జారింది కూడా. అందుకని కట్టేశారు. అప్పటి నుంచి ఐదుగురు మనుషులకూ బకెట్లతో నీళ్లు మోసి పోస్తున్నది ఈమే, లేదంటే పెద్దమ్మాయి. అత్త రాత్రిపూట ఎవరినీ లేపడం ఇష్టం లేక సాయంత్రం ఆరు తర్వాత మంచినీళ్లు తాగడం మానేసింది. ఈ సంగతి ఆమె చెప్పలేదు, మనవరాలు చెప్పింది. "చిన్న లీకేజీ"కి ఇంట్లో ఎవరెవరు ఏమేం కడుతున్నారో ఆ మాటతో నాకు తెలిసింది.

ఓనరు వాదన ఆమె ముందే చెప్పింది. ఒకటి, "మీ పిల్లలు బలంగా తిప్పి నల్లాలు చెడగొట్టిన్రు." రెండు, "అగ్రిమెంట్ల రాసుకున్నం కదా, చిన్న రిపేర్లు మీవే." పదకొండు నెలల అగ్రిమెంటు కాగితం తీసి చూస్తే నిజంగానే ఆ మాట ఉంది: చిన్న మరమ్మతులు కిరాయిదారు చేయించుకోవాలి, పెద్దవి యజమాని చేయించాలి. ఏది చిన్నది, ఏది పెద్దది అన్నది మాత్రం ఎవరూ రాసుకోలేదు. అలా రాయని చోట బలమున్నవాడి మాటే చెల్లుతుంది.

ఆ గీత ఎక్కడ గీయాలో మాకు చెప్పింది ప్లంబరు. నల్లా లోపల చివర రబ్బరు వాషర్ ఒకటి ఉంటుంది. నల్లా కట్టినప్పుడు అది కింద ఉన్న ఇత్తడి అంచు మీద కూర్చుని నీళ్లను ఆపుతుంది. వాషర్ అరిగితే చుక్కలు పడతాయి. ఇరవై రూపాయల వాషర్ మార్చితే ఆగిపోతాయి. ఇది చిన్న మరమ్మతు, ఇందులో వాదన లేదు. కానీ ఏళ్ల తరబడి సున్నం, ఉప్పు ఎక్కువగా ఉన్న బోరు నీళ్లు పోయిన నల్లాలో ఆ ఇత్తడి అంచే గుంటలు పడుతుంది. అప్పుడు ఎన్ని కొత్త వాషర్లు వేసినా నాలుగు రోజుల్లో మళ్లీ కారుతుంది. విప్పి, వేలితో తడిమితే అంచు గరుకుగా తగులుతుంది. తిప్పే కాడ మర అరిగినా అంతే, ఎంత తిప్పినా గట్టిగా పట్టదు. అలాంటి నల్లా చెడిపోలేదు, దాని ఆయుష్షు తీరింది. దానికి చేయాల్సింది మరమ్మతు కాదు, మార్చడం. పిల్లలు బలంగా తిప్పారన్న మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. నల్లా ఆగడం లేదు కాబట్టి బలంగా తిప్పారు. బలంగా తిప్పడం వల్ల వాషర్ ఇంకా త్వరగా కోసుకుపోయిన మాట నిజమే. కానీ మొదటి చుక్క పిల్లల చేతి వల్ల పడలేదు.

ఈమె వంటింటి నల్లాకు రెండుసార్లు, బాత్రూం నల్లాకు ఒకసారి వాషర్లు వేయించింది. ఆ డబ్బు తనే ఇచ్చింది. అంటే అగ్రిమెంటు ప్రకారం తన వంతు తాను చేసింది. ఓనరుతో ఎన్నిసార్లు మాట్లాడినా ఈ ఒక్క సంగతి చెప్పాలని ఆమెకు తోచలేదు. అది కూడా ఇంటి పనిలో భాగమైపోయింది. మనం చేసిన పనిని మనమే లెక్కలోకి తీసుకోకపోతే అవతలివాళ్లు ఎందుకు తీసుకుంటారు?

తర్వాత కొలిచాం. ఇది ఏ ఇంట్లోనైనా చేయొచ్చు. వంటింటి నల్లా గట్టిగా కట్టి కింద లీటరు సీసా పెట్టాం. నలభై నిమిషాల్లో నిండింది. అంటే రోజుకు 36 లీటర్లు. బాత్రూం నల్లా కింద గంట పట్టింది, రోజుకు 24. ఫ్లష్ ట్యాంకు పది లీటర్లది. నింపి, కాక్ కట్టేసి, నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీశాం. గంట తర్వాత చూస్తే సగానికి దిగింది. గంటకు ఐదు లీటర్లు. కాక్ తెరిచి ఉంచితే రోజుకు 120 లీటర్లు తక్కువ కాకుండా పోతాయన్నమాట. మూడూ కలిపితే 180. పట్టణాల్లో ఒక మనిషికి రోజంతటికీ కావాల్సిన నీళ్లు 135 లీటర్లని ప్రభుత్వ ప్రమాణం. పైకప్పు మీది ట్యాంకు ఖాళీ అయితే కారడమూ ఆగుతుంది కాబట్టి అన్ని రోజులూ ఇదే లెక్క కాకపోవచ్చు. ఆ మాట కూడా ఒప్పుకుంటేనే మన లెక్కను ఎదుటివాళ్లు నమ్ముతారు.

ఇంకో పరీక్ష కూడా చేశాం. బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగాం. గుంటలోకి నీలం దిగితే లోపలి రబ్బరు సీలు పోయినట్టు. అది మార్చుకుంటే చాలు, ట్యాంకు మార్చమని అడగడం న్యాయం కాదు. మా పరీక్షలో గుంటలో నీళ్లు తెల్లగానే ఉన్నాయి. నీలం గోడ వెంట, పగులు కింద చారలా దిగింది. అంటే పోయింది రబ్బరు కాదు, ట్యాంకే. ఆ చారను ఫోటో తీసుకున్నాం.

ఇక చట్టం. ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పుకోవాలి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ కింద ఒక వీలుంది. ఓనరు చేయించాల్సిన మరమ్మతు గురించి నోటీసు ఇచ్చాక, తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చు. ఇది చదివి నేను ఉత్సాహపడి, "పదిహేను రోజుల్లో మార్చకపోతే చట్టప్రకారం కిరాయిలో కోసుకుంటాం" అని రాసేశాను. మాకు సాయం చేసే వకీలు ఆ వాక్యం కొట్టేసింది. "చేయించాల్సిన మరమ్మతు అన్నారు, చూశావా? ఏది చేయించాలో ఈ చట్టం చెప్పదు, ఒప్పందం చెప్పాలి. అది తేలకుండా కిరాయి కోస్తే బకాయి పడ్డారని ఆయనే నోటీసు ఇస్తాడు" అంది. అదే సెక్షన్‌లో మనకు పనికొచ్చే మరో మాట చూపించింది. ఇల్లు తీసుకున్నప్పుడు ఉన్న స్థితిలోనే కిరాయిదారు తిరిగి అప్పగించాలి, కానీ మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు బాధ్యత లేదు. అరిగిన ఇత్తడి అంచు అచ్చంగా అదే. "మీ పిల్లలు చెడగొట్టారు" అన్నదానికి చట్టంలో ఉన్న జవాబు ఇది. అయితే ఇది మన మీద పడే నిందను ఆపుతుంది కానీ, మార్చే బాధ్యతను దానంతట అది ఓనరు మీద పెట్టదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలోనే మన ఉత్తరం నిలబడాలి.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది కదా అని కొందరు అడుగుతారు. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్లు కాని చోట్ల రెండు వేలు దాటిన కిరాయిలు దాని పరిధిలోంచి తప్పుకున్నాయి. ఇవాళ ఇబ్రహీంపట్నంలో రెండు వేల లోపు పోర్షన్ ఎక్కడుంది?

ఇవన్నీ చూసుకుని చివరికి రాసిన ఉత్తరం ఇది. పేర్లు తీసేశాను.

"అయ్యా, ఫలానా ఇంటి కింది పోర్షన్‌లో మేము రెండేళ్లుగా కిరాయికి ఉంటున్నాము. కిరాయి ప్రతి నెలా ఐదో తేదీలోపు ఇస్తున్నాము, బకాయి లేదు. ఈ ఇంట్లో మూడు వస్తువులు మార్చవలసి ఉన్నదని ఈ ఉత్తరం ద్వారా తెలియజేస్తున్నాము.

ఒకటి, మరుగుదొడ్డి ఫ్లష్ ట్యాంకు. కింది నట్టు దగ్గర పగిలింది. రెండుసార్లు ఎం-సీల్ పెట్టించాము, నిలవలేదు. గంటకు ఐదు లీటర్ల నీళ్లు నేల మీదికి కారుతున్నాయి. దీనివల్ల మా అత్తగారు జారి పడినారు. రెండు, వంటింటి నల్లా. రెండుసార్లు వాషర్లు మా ఖర్చుతో మార్పించాము. లోపలి అంచు అరిగినందున ఆగడం లేదు. మూడు, బాత్రూం నల్లా. ఒకసారి వాషర్ మార్పించాము, పరిస్థితి అదే. ఇవి వాడకంతో అరిగినవే గాని మేము పగలగొట్టినవి కావు. ఈ నల్లాలు మేము రాకముందు నుంచి ఉన్నవే.

అగ్రిమెంటు ప్రకారం చిన్న మరమ్మతులు మేము చేయించుకున్నాము. ఇప్పుడు కావలసింది మరమ్మతు కాదు, మార్చడం. ప్లంబరు అంచనా: ట్యాంకు 1,300, నల్లాలు రెండు 900, కాక్, పైపు 350, కూలి 700, మొత్తం 3,250 రూపాయలు. మీరు వచ్చి చూడవచ్చును. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో మార్పించగలరు. మమ్మల్నే మార్పించుకొమ్మంటే, ఆ ఖర్చును ఏ నెలల కిరాయిలో తగ్గించుకోవాలో రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఫోటోలు జతచేశాము."

ఈ ఉత్తరంలో బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు. అడిగిన ప్రతిదానికీ ఆధారం ఉంది. చివరి వాక్యం వకీలు పెట్టించింది. దానికి ఓనరు "సరే" అని వాట్సాప్‌లో ఒక్క ముక్క రాసినా అది ఒప్పుకోలు కింద పనికొస్తుంది. తేదీ వేసి, రెండు ప్రతులు చేసి, ఒకటి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచమన్నాం.

సంతకం దగ్గర ఆగిపోయాం. అగ్రిమెంటు భర్త పేరున ఉంది. నీళ్లు మోసేది ఈమె, వాషర్లు తెప్పించింది ఈమె, కాగితంలో మాత్రం ఈమె లేదు. ఆమె ఒక్కతే సంతకం చేస్తే "నీతో నాకు ఒప్పందమే లేదు" అనొచ్చు. భర్త మాత్రం "ఇంత దానికి లెటరేంది, ఖాళీ చెయ్యుమంటే ఎక్కడికి పోతం?" అన్నాడు. ఆ భయం ఉత్తదేం కాదు. నెలనెలా నడిచే కిరాయికి పదిహేను రోజుల నోటీసు ఇస్తే చాలని అదే ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. ఆడపిల్లల బడి మధ్యలో ఇల్లు మారడం ఎంత కష్టమో, కులం అడగకుండా ఇల్లు ఇచ్చేవాళ్లు ఎంతమందో ఆయనకు తెలుసు. ఆయనను తిట్టి ఒప్పించలేదు. ఒక్క రోజు బకెట్లు ఆయన మోశాడు, అంతే. మర్నాడు ఇద్దరూ సంతకం పెట్టారు.

ఇదే ఇబ్రహీంపట్నం తాలూకాలో 1980లలో వ్యవసాయ కూలీలు సంఘం కట్టి, వెట్టికి వ్యతిరేకంగా, కూలి రేట్ల కోసం, భూమి కోసం పోరాడారు. వాళ్లతో కలిసి పనిచేసిన గీతా రామస్వామి ఆ చరిత్రను 2022లో పుస్తకంగా తెచ్చారు. దొర ముందు నోటిమాటకు విలువ లేని చోట అర్జీ కాగితం ఎంత పనిచేస్తుందో ఈ నేలకు తెలుసు. ఫ్లష్ ట్యాంకును భూమితో పోల్చడం లేదు. కానీ ఇంటి లోపలి విషయం వచ్చేసరికి మనమే నోటిమాటకు దిగిపోతాం. మా కార్యకర్త నవ్వు అక్కడిదే.

ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఓనరు ముందు భర్తకు ఫోన్ చేసి "ఆడోళ్లతోని లెటర్లు రాయిస్తున్నవా?" అన్నాడు. వారం తర్వాత వచ్చాడు. నీలి చార చూశాడు, సీసా పెట్టి చూపిస్తే నిలబడి చూశాడు. ట్యాంకు, వంటింటి నల్లా మార్పించాడు. బాత్రూం నల్లాకు సగం ఇవ్వమన్నాడు, ఇచ్చారు. అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు కిరాయి మూడు వందలు పెంచాడు. ఏటా పెంచేదే అన్నాడు, ఉత్తరం వల్ల కాదన్నాడు. ఏది నిజమో ఎవరు చెప్పగలరు? పూర్తి గెలుపు అని నేననను. ముసలామె మాత్రం మళ్లీ రాత్రి మంచినీళ్లు తాగుతోంది.

చివరగా ఒక విషయంపై మనం మాట్లాడుకోవాలి. కేంద్రం 2021లో మాదిరి అద్దె చట్టం ఒకటి తయారుచేసింది. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది అమలవుతుంది. దాని రెండో షెడ్యూలులో ఎవరి మరమ్మతులు ఎవరివో పంచారు. గొట్టాలు మార్చడం, కరెంటు వైరింగు, సున్నాలు ఓనరువి. నల్లా వాషర్లతో పాటు నల్లాలు మార్చడం, మరుగుదొడ్డి మరమ్మతులు కిరాయిదారువి. నా అభ్యంతరం ఇక్కడే. వాషర్‌ను, నల్లాను ఒకే వరుసలో రాసిన చేతికి, ముందున్న వాళ్లు పదేళ్లు వాడి అరగదీసిన నల్లాను కొత్తగా వచ్చినామె ఎందుకు కొనాలన్న ప్రశ్న తట్టలేదు. గోడ లోపలి గొట్టం ఆస్తి అయినప్పుడు, గోడ బయటి నల్లా ఆస్తి ఎందుకు కాదు? ఇల్లు వదిలేటప్పుడు ఆ నల్లా విప్పుకుని పోనిస్తారా?

అయితే ఒప్పందంలో వేరేగా రాసుకునే వీలు ఆ మాదిరి చట్టమూ ఉంచింది. కాబట్టి మన దగ్గరికి వచ్చే ఆడవాళ్లకు కిరాయి కాగితం మీద సంతకం పెట్టేముందే మూడు పనులు చెబుదాం. అన్ని నల్లాలూ, ఫ్లష్ ట్యాంకూ తిప్పి చూసి వాటి స్థితి అగ్రిమెంటులో రాయించాలి. "వాషర్, సీలు కిరాయిదారువి, అవి మార్చినా ఆగకపోతే వస్తువును యజమాని మార్చాలి" అన్న ఒక్క వాక్యం చేర్పించాలి. భర్త పేరు పక్కన తన పేరు కూడా రాయించుకోవాలి. మా ఆదివారం బల్ల మీద ఇప్పుడు పింఛను ఫారాల పక్కన ఈ ఉత్తరం నకలు కూడా ఉంటోంది. మొన్న దాన్ని చూసి ఒకామె, "మా ఇంట్ల సుత నల్లా ఇట్లనే ఉంది, ఇది చెప్తరని నాకు తెల్వదు" అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.